కేటరర్ ఉత్తరాలు – 4వ పాఠం: రోజువారీ భోజనాల కొటేషన్‌లో రేటు ఎలా రాయాలి?

గత పాఠంలో మీ వంట ఖర్చును రెండు కాగితాల మీద విడివిడిగా రాసుకోమన్నాను. మొదటిదాని మీద భోజనాలు పెరిగేకొద్దీ పెరిగే ఖర్చు: సరుకులు, డబ్బాలు. రెండోదాని మీద నలభై మందికి వండినా అరవై మందికి వండినా మారని ఖర్చు: వంటమనిషి జీతం, సహాయకుల కూలి, అద్దె, బండి. ఆ రెండు కాగితాలూ ఎదురుగా పెట్టుకోండి. ఇవాళ ఆఫీసుకు పంపే ఉత్తరంలో రేటు పేరా రాద్దాం.

నేను రాసిన మొదటి కొటేషన్‌లో రేటు ఒక్క వాక్యమే: "భోజనం ఒక్కింటికి 85, డెలివరీ ఉచితం." ఆ ఆఫీసువాళ్లు మాటల్లో అరవై మంది అన్నారు, నేను అరవైకి లెక్క వేసుకున్నాను. ఉత్తరంలో మాత్రం అరవై అన్న అంకె ఎక్కడా లేదు. వారంలో రెండు రోజులు నలభై దాటేవి కావు. వాళ్లను తప్పుపట్టడానికి నా దగ్గర ఒక్క అక్షరం లేదు.

ఆ నష్టం ఎక్కడ పుట్టిందో లెక్కలో చూడండి. ఇవి పాఠం కోసం తీసుకున్న అంకెలు, మీ డబ్బు ఏదైనా లెక్క ఇదే. భోజనానికి సరుకులూ డబ్బా కలిపి 50. రోజుకు మారని ఖర్చు 1500. అరవై భోజనాలైతే మొత్తం ఖర్చు 4500, వచ్చేది 5100, మిగులు 600. నలభై అయితే ఖర్చు 3500, వచ్చేది 3400. పొద్దున్నే లేచి వండి, మోసుకెళ్లి ఇచ్చి, చివరికి 100 చేతినుంచి పెట్టుకున్నట్టు. ప్రతి భోజనం మీద సరుకులు పోగా 35 మిగులుతుంది కాబట్టి, 1500 రాబట్టాలంటే 43 భోజనాలు కావాలి. ఈ 43ను ఉత్తరంలో రాయకండి. కానీ అది తెలియకుండా ఉత్తరం మొదలుపెట్టొద్దు.

సంఖ్యను బట్టి రేటు మార్చాలని చాలామందికి తోస్తుంది. "45 నుంచి 54 వరకు భోజనానికి 90, 55 దాటితే 85" అని రాస్తారు. చూడ్డానికి బాగుంది. ఆఫీసు అకౌంటెంట్ మాత్రం 54 భోజనాలకు 4860, 55 భోజనాలకు 4675 అని వెంటనే పట్టుకుంటారు. ఒక భోజనం ఎక్కువ తీసుకుంటే బిల్లు తగ్గుతోంది! ఇక తినేవాళ్లు 52 మందే ఉన్నా 55 చెప్పడం మొదలవుతుంది. మిగిలిన మూడూ పారేయడమే. శ్లాబు పెట్టేటప్పుడు గీతకు అటూ ఇటూ ఉన్న రెండు మొత్తాలూ తప్పక కట్టి చూసుకోండి.

దీనికి మందు ఏమిటంటే, తక్కువ రేటు గీత దాటిన భోజనాలకే వర్తించాలి. మొదటి 45కు 90 చొప్పున, ఆపై ప్రతి భోజనానికి 70. అరవైకి 4050, దానికి తోడు 1050, మొత్తం 5100. సగటున అదే 85 పడింది. ఒక భోజనం పెరిగితే బిల్లు ఎప్పుడూ పెరుగుతుంది, సగటు రేటు తగ్గుతుంది. ఇద్దరికీ అర్థమయ్యే లెక్క.

మరి 45 కంటే తగ్గిన రోజున? "ఎన్ని తీసుకున్నా 45కు బిల్లు" అని రాసేవాళ్లున్నారు. నాకది న్యాయంగా అనిపించదు. నలభైకి మాత్రమే వండి 45కు డబ్బు తీసుకుంటే మీ మిగులు 550. నలభై ఐదు వండిన రోజున 300 మాత్రమే. వాళ్లు తక్కువ తింటే మీకు ఎక్కువ మిగలడం ఏ కొనుగోలు అధికారీ ఎక్కువ కాలం ఒప్పుకోరు. వండని భోజనానికి సరుకుల ఖర్చు లేదు కాబట్టి 90లోంచి ఆ 50 తీసేసి, 40 మాత్రమే అడగండి. నలభై తీసుకున్న రోజున 3600కు 200 కలిపితే 3800, మిగులు మళ్లీ 300. ఎందుకు 40 అని అడిగితే ఒక్క వాక్యంలో చెప్పగలరు కూడా.

అయితే ఈ రాయితీ ముందుగా చెప్పినప్పుడే. బియ్యమో పిండో కొలిచి పెట్టాక, కూరగాయలు కొన్నాక తగ్గిస్తే సరుకుల ఖర్చు అప్పటికే అయిపోయినట్టే. అందుకే సంఖ్య చెప్పే గడువు రేటు పేరా పక్కనే ఉండాలి, వెనక పేజీలో కాదు. ఎవరు చెప్పాలో కూడా రాయండి. ముగ్గురు మూడు అంకెలు చెప్పే ఆఫీసులుంటాయి.

ఇంకొక షరతు డబ్బుది కాదు, తిండిది. వండిన ఆహారాన్ని 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉంచాలి, గది వేడిమిలో రెండు గంటలకు మించి వదలకూడదు. మీటింగు సాగి భోజనం మూడింటికి తెరిస్తే, పోయేది మీ పేరే. కాబట్టి మీరు అందించే సమయమూ, వాళ్లు తినేయాల్సిన సమయమూ రెండూ ఉత్తరంలో ఉండాలి.

ఇవన్నీ కలిపితే ఉత్తరం ఇలా వస్తుంది:

గౌరవనీయులైన పరిపాలనా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ కార్యాలయానికి రోజువారీ మధ్యాహ్న భోజనాల సరఫరా – కొటేషన్.

మీరు కోరినట్లు, పనిదినాల్లో సుమారు 60 భోజనాల సరఫరాకు మా రేట్లు తెలియజేస్తున్నాము. భోజనంలోని పదార్థాలు, వాటి పరిమాణం జతపరిచిన పట్టికలో ఉన్నాయి.

రోజుకు మొదటి 45 భోజనాలకు ఒక్కింటికి 90, ఆపై ప్రతి భోజనానికి 70. డెలివరీ ఇందులోనే కలిసి ఉంది, పన్ను అదనం. ఏ రోజైనా సంఖ్య 45 కంటే తగ్గితే, తగ్గిన ప్రతి భోజనానికి 40 చొప్పున బిల్లులో కలుస్తుంది. కార్యాలయ సెలవులు వారం ముందు తెలిపితే ఆ రోజులకు ఏ బిల్లూ ఉండదు.

మీరు నియమించిన ఒకే వ్యక్తి ముందురోజు సాయంత్రం 5 గంటలలోపు సంఖ్య తెలపాలి. ఆ తర్వాత తగ్గించినా, తెలిపిన సంఖ్యకే పూర్తి బిల్లు.

భోజనం మధ్యాహ్నం 12:30కు వేడి డబ్బాల్లో అందిస్తాము. 2 గంటలలోపు వడ్డన పూర్తి కావాలని కోరుతున్నాము. అందిన సంఖ్యపై రోజూ చీటీలో సంతకం చేయాలి. బిల్లు 15 రోజులకొకసారి ఇస్తాము, అందిన 7 రోజులలో చెల్లించాలి.

ఈ కొటేషన్ నేటి నుంచి 15 రోజుల వరకు చెల్లుతుంది. అంగీకరించిన తర్వాత రేట్లు మూడు నెలలు మారవు.

ఇట్లు,
(సంతకం, సంస్థ పేరు, లైసెన్సు సంఖ్య, తేదీ)

చివరి పేరాలో రెండు గడువులున్నాయి, గమనించారా? ఒకటి ఒప్పుకోవడానికి, ఒకటి ఒప్పుకున్న తర్వాత రేటు నిలవడానికి. వీటిని కలిపేసి "రేట్లు 15 రోజులు" అని రాస్తే, పదహారో రోజున రేటు పెంచుతారేమోనని ఆఫీసువాళ్లు వెనకాడతారు. సెలవుల వాక్యం మరిచిపోతే, పండగ రోజున కూడా 45 భోజనాలకు 40 చొప్పున 1800 అడుగుతున్నట్టు అర్థం వస్తుంది.

వచ్చే పాఠానికి పని: మీ సొంత అంకెలతో రేటు పేరా ఒక్కటే రాయండి. దాని కింద నాలుగు బిల్లులు కట్టండి. గీత దగ్గర ఒకటి, గీతకు ఒకటి ఎక్కువ, ఐదు తక్కువ, గడువు దాటాక ఐదు తగ్గించిన రోజు. ఐదో పాఠంలో "రేటు కాస్త తగ్గించండి" అని ఆఫీసు నుంచి వచ్చే జవాబుకు ఏం రాయాలో, ఆ కాగితంతోనే మొదలుపెడదాం.