పిల్లల ఇన్‌స్టాగ్రామ్‌లో ముందు పుట్టిన తేదీ చూడండి

మా అక్క కొడుక్కి 14 ఏళ్లు, వాడి ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ ఎందుకు పబ్లిక్‌గా ఉందా అని చూస్తే పుట్టిన సంవత్సరం 2001 అని ఉంది. 13 ఏళ్లు నిండితేనే అకౌంట్ తెరవాలి కదా, రెండేళ్ల కిందట వాడికి తోచిన సంవత్సరం కొట్టేశాడట, ఎవరూ అడగలేదు.

18 లోపు పిల్లలకి ఇన్‌స్టాగ్రామ్ పెట్టే టీన్ అకౌంట్ రక్షణలన్నీ ఆ తేదీని బట్టే వస్తాయి. తేదీ సరిగ్గా ఉంటే అకౌంట్ దానంతటదే ప్రైవేట్ అవుతుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రోజుకి 60 నిమిషాలు దాటితే ఆపమని గుర్తుచేస్తుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు. 16 లోపు వాళ్లు వీటిని సడలించాలంటే అమ్మో నాన్నో ఒప్పుకోవాలి. 16, 17 ఏళ్ల వాళ్లు మాత్రం మామూలుగా తామే మార్చేసుకోగలరు, అక్కడ ఓ కన్నేసి ఉంచాలి. ఆ 60 నిమిషాలది కూడా ఉత్త గుర్తుచేయడమే, నొక్కేసి ముందుకు పోవచ్చు.

తేదీ ఎక్కడుంటుందంటే సెట్టింగ్స్‌లో Accounts Centre, అందులో Personal details, అందులో Birthday. టీన్‌గా ఉన్నవాళ్లు దాన్ని 18 దాటినట్టు మార్చబోతే వీడియో సెల్ఫీయో గుర్తింపు కార్డో అడుగుతుంది. మొదట్లోనే పెద్దవాళ్లమని రాసుకున్నవాళ్లు చాలాసార్లు ఈ తనిఖీకి చిక్కరు, మావాడిలాగే. ఇంకోటి, పిల్లకి 13 నిండకపోతే అసలు తేదీ పెట్టగానే అకౌంట్ పోయే అవకాశం ఉంది, అందులోని ఫొటోలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.