బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది గానీ గాలి లాగట్లేదా? ముందు వెనక షట్టర్ చూడండి

సమస్య ఇలా ఉంటుంది. స్విచ్ వేస్తే ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, సౌండ్ కూడా బాగానే వస్తుంది, అయినా స్నానం చేసిన గంటకి కూడా అద్దం మీద ఆవిరి పోదు, గోడ చెమ్మ ఆరదు, వెంటిలేటర్ చుట్టూ నల్లటి మచ్చలు మొదలవుతాయి. చాలామంది వెంటనే మోటార్ వీక్ అయిపోయిందనుకుని కొత్తది కొనేస్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి ఈ కంప్లయింట్ వానాకాలంలో మరీ ఎక్కువ, కానీ అందులో మోటార్ తప్పు ఉండేది తక్కువే.

కొనేముందు ఓ చిన్న పరీక్ష చెయ్యండి. పాత న్యూస్ పేపర్లోంచి అరచెయ్యంత ముక్క చింపి, తలుపు మూసి, తిరుగుతున్న ఫ్యాన్ గ్రిల్‌కి ఆనించి వదలండి. అతుక్కుని ఉండిపోతే ఫ్యాన్ లాగుతున్నట్టే. జారి పడిపోతే తలుపు తీసి మళ్లీ పెట్టండి. తలుపు తీసినప్పుడు మాత్రమే అతుక్కుంటే ఫ్యాన్‌ది తప్పు కాదు, బయటకి పోయే గాలికి బదులుగా లోపలికి గాలి వచ్చే దారి లేదన్నమాట. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే ఆ గొడవ తీరిపోతుంది. తలుపు తీసినా పడిపోతుంటే మాత్రం ఎక్కడో మురికి అడ్డం పడింది.

ఎక్కడ అంటే, అందరూ గ్రిల్ తుడిచి ఊరుకుంటారు గానీ అసలు అడ్డం చాలాసార్లు వెనకాల ఉంటుంది. ప్లాస్టిక్ ఫ్యాన్లకి బయట వైపు షట్టర్ పలకలు ఉంటాయి కదా, ఫ్యాన్ ఆగితే మూసుకుని, తిరిగితే గాలి తోపుకి తెరుచుకునేవి. వాటిని తెరిచేది ఆ కాస్త గాలే, ఇంకే స్ప్రింగూ ఉండదు, అందుకే వాటి చివర్ల పిన్నుల దగ్గర జిగురు పట్టిందంటే సగం తెరుచుకుని ఆగిపోతాయి.

విజయనగరంలో మా పిన్ని వాళ్లింట్లో జరిగింది ఇదే. "ఏటిరా ఇది, ఫ్యాను తిరుగుతోంది గానీ గోడ ఆరట్నేదు" అని ఒకటే గోల. 6 అంగుళాల ఫ్యాను, వెంటిలేటర్లో బిగించింది. వానలకి తువ్వాళ్లన్నీ బాత్రూమ్‌లోనే దండెం మీద ఆరేస్తారు, స్నానం అయ్యాక పౌడర్ రాసుకునేదీ అక్కడే. తువ్వాలు నూగు, పౌడరు, సబ్బు తుంపర్లు, తలనూనె, వీటన్నిటికీ ఆవిరి తోడైతే గ్రిల్ మీద బూడిదరంగు ముద్ద తయారవుతుంది. గోటితో గీరితే పైన దూదిలా లేస్తుంది, కింద మైనంలా అంటుకునే ఉంటుంది. గ్రిల్ తీశాక చూస్తే రెక్కల ముందంచుల మీద కూడా అదే గట్టు. దాని వెనకాల, షట్టర్ పై పలక మూలలో కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు. ఆ గూడు ఒక పలకని పూర్తిగా పట్టేసింది, మిగతావి జిడ్డుకి సగం మాత్రమే తెరుచుకుంటున్నాయి. మోటార్‌కి ఏ జబ్బూ లేదు.

ఇక శుభ్రం చెయ్యడం. స్విచ్ కట్టేస్తే చాలదు, ఆ లైన్ ఎంసీబీ దించండి, ప్లగ్ ఉంటే పీకెయ్యండి. కొన్ని ఇళ్లలో వైరింగ్ తిరగేసి ఉంటుంది, స్విచ్ ఆపినా ఫ్యాన్ దాకా కరెంటు ఉంటుంది, పైగా తడి చోటు. నేల తుడిచి ఆరాకే స్టూలు వెయ్యండి.

నీళ్లు తగలకముందే పొడి పని పూర్తి చెయ్యాలి, దీన్ని మాత్రం వదలొద్దు. పెయింట్ బ్రష్షుతో పైపొర దుమ్మంతా కిందకి దులిపెయ్యండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ముందే తడిపితే ఆ నూగంతా పేస్టులా మారి సందుల్లోకి దూరుతుంది, తర్వాత టూత్ బ్రష్‌కి కూడా లొంగదు.

గ్రిల్ సాధారణంగా క్లిప్పుల మీదో ఒకటి రెండు స్క్రూల మీదో ఉంటుంది. రెక్క మధ్యలోని ప్లాస్టిక్ నట్టు చాలా ఫ్యాన్లకి రివర్స్ మర, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. నట్టు మీద బాణం గుర్తు ఉంటే అది చూసి తిప్పండి, బలవంతం చేస్తే నట్టు పగులుతుంది. ఇనుప రెక్కలకైతే పక్కన చిన్న స్క్రూ ఉంటుంది.

గ్రిల్, రెక్క రెండిటినీ అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టండి. మరిగే నీళ్లు పొయ్యొద్దు, ప్లాస్టిక్ వంగితే రెక్క ఊగుతుంది. అప్పటికీ వదలని చోట వంటసోడాలో కొద్దిగా నీళ్లు కలిపి ముద్దలా రాసి, పది నిమిషాలాగి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. థిన్నర్, పెట్రోలు వద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. బాత్రూమ్ యాసిడ్ అసలే వద్దు, దాని ఆవిరికి స్క్రూలూ మోటారూ తుప్పు పడతాయి, పొరపాటున బ్లీచింగ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. రెక్కలన్నీ సమానంగా కడగండి. ఒకదాని మీద ముద్ద వదిలేస్తే బరువు తేడా వచ్చి ఫ్యాన్ దడదడలాడుతుంది.

మోటార్ మీద నీళ్లు పొయ్యొద్దు, స్ప్రే కొట్టొద్దు. గట్టిగా పిండిన గుడ్డతో పైన తుడిచి, గాలి సందుల్లో దుమ్ముని పొడి బ్రష్షుతో లాగెయ్యండి.

రెక్క తీశాక ఆ ఖాళీలోంచి షట్టర్ పలకలు కొన్ని ఫ్యాన్లలో చేతికి అందుతాయి. అందకపోతే నాలుగు స్క్రూలు విప్పి ఫ్యాన్ మొత్తం కిందకి దించుకోవచ్చు, వైరు విప్పడం రాకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవండి గానీ పై అంతస్తులో బయటనుంచి నిచ్చెన వేసే సాహసం మాత్రం వద్దు. పుల్లతో గూడు పొడిచి రాల్చి, పిన్నుల దగ్గర సబ్బు నీళ్ల బ్రష్షు వేసి, ఒక్కో పలకనీ వేలితో ఎత్తి వదలండి. దానంతటది పడాలి. పిన్నులకి నూనె రాయాలనిపిస్తుంది, రాయొద్దు, నూనెకి మళ్లీ దుమ్ము పట్టి పాత కథే.

అన్నీ పూర్తిగా నీడలో ఆరాక బిగించి, చేత్తో రెక్క ఓసారి తిప్పి చూడండి. తేలిగ్గా నాలుగు చుట్లు తిరిగితే కరెంటు ఇచ్చి పేపరు పరీక్ష మళ్లీ చెయ్యండి. పిన్ని వాళ్లింట్లో మూసిన తలుపుతోనే పేపరు అంటుకుపోయింది.

చేత్తో తిప్పితేనే బరువుగా ఉంటే బుష్ ఎండిపోయినట్టు, కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు షాఫ్ట్ దగ్గర చాలు, కొబ్బరినూనె గడ్డకడుతుంది. సీల్ వేసిన బాల్ బేరింగ్ ఫ్యాన్లకి ఆ పని అక్కర్లేదు. తేలిగ్గా తిరుగుతూనే స్విచ్ వేస్తే గుయ్యిమని కదలకపోతే, కండెన్సర్ ఉన్న ఫ్యాన్ అయితే అది పోయి ఉండొచ్చు, దాని మీద రాసిన విలువదే వేయించాలి. కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే ఆపెయ్యండి, కడిగితే తీరే జబ్బు కాదది.

స్నానం అయ్యాక ఇంకో 20 నిమిషాలు ఫ్యాన్ వదిలెయ్యండి, గ్రిల్ ఆరి పొడిగా ఉంటే నూగు పట్టినా అంటుకోదు, నెలకోసారి పొడి బ్రష్షు చాలు. కళింగపట్నంలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉంటే, ఈసారి బిగించేటప్పుడు మామూలు స్క్రూల బదులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయండి. ఉప్పు గాలికి తుప్పుపట్టి తల అరిగిన స్క్రూని విప్పడం మురికి కడగడం కంటే పెద్ద పని.