ఎదిగే వయసులో బరువుల సాధన – 3వ పాఠం: బడి బ్యాగుతో స్క్వాట్

కిందటి పాఠంలో చేతిలో ఏమీ లేకుండా మోకాలెత్తు స్టూల్ మీదికి కూర్చుని లేవడం నేర్చుకున్నాం. స్టూల్ తగలగానే లేవాలి, దాని మీద ఒళ్లు వదిలేయకూడదు అని చెప్పుకున్నాం. పది స్క్వాట్లు తీసి, పక్కనుంచి ఒకసారి, ఎదురుగా ఒకసారి ఫోన్‌లో వీడియో తీసుకోమన్నాను. అది చూసుకోండి. మడమలు నేల వదలకుండా, మోకాళ్లు కాలివేళ్ల వైపే పోతూ, నడుము గూనిలా వంగకుండా పదీ ఒకేలా ఉంటే ఇవాళ్టి పాఠం మీకే. పదిలో రెండు తేడాగా వచ్చినా ఇంకో వారం స్టూల్ దగ్గరే ఉండండి.

తాలింఖానాలో తీసే బస్కీలు అలవాటున్న పిల్లలకు ఒక మాట. బస్కీల్లో కిందికి దిగేటప్పుడు మడమలు లేస్తాయి, వేగంగా తీస్తారు. మనం చేసేది అది కాదు. ఇక్కడ మడమ లేవకూడదు, దిగడానికి మూడు అంకెలు లెక్కపెట్టాలి.

మా మేనల్లుడికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి, బడి కబడ్డీ జట్టులో ఆడతాడు. బరువు 46 కిలోలు. స్టూల్ దశ అయిన రోజే మొదలుపెట్టాడు: "మామయ్యా, జిమ్‌లో ఖాళీ రాడ్డు ఎత్తుతాను. ప్లేట్లు వెయ్యనులే." ఖాళీ అన్న మాటే గానీ, జిముల్లో ఉండే పెద్ద రాడ్డు 20 కిలోలు. వాడి ఒంటి బరువులో నలభై శాతం దాటింది. నిన్నటిదాకా వట్టి చేతులతో చేసినవాడికి అది ఒక మెట్టు కాదు, మేడ మీదికి గెంతడం. పదిహేనేళ్ల వయసులో నేనూ అలాగే గెంతాను. పక్కన ఎవరూ లేరు. మూడోసారి కింద కూర్చున్నాక లేవలేక, నడుము వంచి ఎలాగో లేచాను. రెండు నెలలు వంగి చెప్పు తొడుక్కోవాలన్నా నొప్పే. అందుకే మా ఇంట్లో మొదటి బరువు బడి బ్యాగు.

పుస్తకాలు తీసేసి బ్యాగులో నాలుగు కిలో ఉప్పు ప్యాకెట్లు పెట్టండి. బ్యాగుతో కలిపి నాలుగున్నర కిలోల దాకా ఉంటుంది. వీపుకు కాదు, ముందు వైపు, రెండు చేతులతో గుండెకు హత్తుకుని పట్టుకోవాలి. బరువు ముందుంటే వెనక్కి పడిపోతామన్న భయం పోతుంది, చాలామందికి స్టూల్ మీదికి కూర్చోవడం వట్టి చేతులకన్నా ఇలాగే తేలిక. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి. దిగేటప్పుడు గాలి పీల్చండి, లేచేటప్పుడు వదలండి. ఊపిరి బిగబట్టి ముఖం ఎర్రబడేలా చేయొద్దు.

మొదటి వారం ఎనిమిదేసి రెండు సెట్లు, మధ్యలో రెండు నిమిషాలు కూర్చోవడం. వారానికి రెండు రోజులే, సోమవారం, గురువారం అనుకుందాం. ఒక్కో రోజుకు ఒకటో రెండో పెంచుతూ పన్నెండుకు చేరాలి. వరుసగా రెండు రోజులు రెండు సెట్లూ పన్నెండు శుభ్రంగా వస్తేనే అరకిలో ప్యాకెట్ ఒకటి వేసి, లెక్క మళ్లీ ఎనిమిదికి తేవాలి.

అరకిలోనా అని నవ్వకండి. ఈ వయసులో ఒకసారికి పెంచాల్సింది ఐదు నుంచి పది శాతం. నాలుగున్నర కిలోల మీద అరకిలో అంటే ఇంచుమించు పదో వంతు. జిమ్‌లో డంబెల్స్ చాలాచోట్ల 5 తర్వాత 7.5 ఉంటాయి. అది ఒక్కసారిగా యాభై శాతం. చిన్న బరువుల దగ్గరే ఈ చిక్కు ఎక్కువ, ఉప్పు ప్యాకెట్లతో అది తీరిపోతుంది.

ఇక పక్కన నిలబడే పెద్దవారి పని. అంకెలు లెక్కపెట్టడానికైతే ఎవరైనా చాలు. మీరు చూడాల్సింది ఆ పిల్లాడికి తనలో తనకు కనిపించనిది. ఎదురుగా కాస్త పక్కకు నిలబడితే మోకాలు, మడమ, నడుము మూడూ కనిపిస్తాయి. మడమ మీద అనుమానం ఉంటే దాని కింద సగం దాకా ఒక కాగితం ముక్క పెట్టండి. పిల్లాడు దిగినప్పుడు లాగితే రాకూడదు. వచ్చిందంటే మడమ లేచినట్టే. రెండు తప్పులు కనిపించినా ఒకటే చెప్పండి. నాలుగు చెబితే ఒక్కటీ సరికాదు.

మా వాడికి ఐదో వారంలో బ్యాగు ఐదున్నర కిలోలైంది. ఆ తర్వాతి వారం రెండో సెట్లో తొమ్మిదోసారి లేస్తుంటే కుడి మోకాలు లోపలికి, ఎడమ మోకాలి వైపు ఒరిగింది. అలసటకు మొదటి గుర్తు చాలాసార్లు ఇదే.

"ఆపరా," అన్నాను.

"ఇంకా మూడున్నాయి మామయ్యా!"

"ఉండనీ. బ్యాగు దించు."

మొహం మాడ్చుకున్నాడు గానీ దించాడు. ఈ వయసులో, ముఖ్యంగా మీసం ఇంకా రాని పిల్లల్లో, బలం పెరిగేది కండ లావెక్కి కాదు. ఉన్న కండను ఎక్కువగా, సరైన వరసలో పనిలోకి దింపడం నరాలు నేర్చుకుంటాయి. మోకాలు ఒరిగిన మూడు స్క్వాట్లు చేయిస్తే ఆ ఒరగడాన్నీ నేర్చుకుంటాయి. తర్వాతి రెండు రోజులూ ఐదు కిలోలకు దిగాం. ఆ పైవారం ఐదున్నరతో మోకాలు నిలబడింది. సెట్ ముగిశాక "ఇంకెన్ని చేయగలవు?" అని అడుగుతుంటాను. "రెండు" అంటే సరిపోయిందన్నమాట. "ఒక్కటి కూడా చేయలేను" అంటే బరువు ఎక్కువైంది. ఒక్కసారికి ఎంత ఎత్తగలడో చూద్దాం అనే పోటీ ఎముకలు పూర్తిగా ఎదిగేదాకా మన పాఠాల్లో లేదు.

బరువులెత్తితే పొడుగు ఆగిపోతుందా అని మా అక్క కూడా అడిగింది. పక్కన తెలిసినవాళ్లు ఉండి, మెల్లగా పెంచుతూ చేసే సాధన పొడుగును ఆపుతుందనడానికి ఆధారం లేదు. అయితే ఆ భయం వెనక ఒక నిజం ఉంది. ఎముకల చివర్ల దగ్గర ఎదిగే చోట ఇంకా మెత్తని మృదులాస్థి ఉంటుంది. బరువు మీద పడితేనో, తప్పు భంగిమలో మోయలేనంత ఎత్తితేనో దెబ్బ తగిలేది అక్కడ. సాధారణంగా ఆడపిల్లలు పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లలు పదమూడు పద్నాలుగేళ్లకు ఒక్కసారిగా పొడుగవుతారు. ఎముక ముందు సాగుతుంది, కండలు వెనక అందుకుంటాయి. ఆ కొన్ని నెలలు నిన్నటిదాకా బాగా చేసిన స్క్వాట్ కూడా తడబడుతుంది.

అందుకే గుమ్మానికి ఆనించి నెలనెలా పెన్సిల్ గీత పెట్టండి. మా వాడి గీత రెండు నెలల్లో రెండు సెంటీమీటర్లు పైకి పోయింది. అదే వారం మోకాలి చిప్పకు కాస్త కింద, కాలి ఎముక మొదలయ్యే చోట నొప్పన్నాడు. వేలితో నొక్కితే సరిగ్గా అక్కడే. తొడలంతా పట్టేసి రెండు రోజుల్లో పోయే నొప్పి మామూలే, దానికి టెన్షన్ అక్కర్లేదు. ఇలా ఒకే చోట, ఒకే కాలికి, నొక్కితే తెలిసే నొప్పి వస్తే మాత్రం సాధన ఆపి డాక్టరుకు చూపించాలి. గుండె జబ్బు, బీపీ, ఫిట్స్ ఉన్న పిల్లలైతే మొదలుపెట్టకముందే అడగాలి.

ఎదిగే వయసులో ఆటలాడే పిల్లలకు ఇది తరచూ వచ్చేదేనని, తొడ కండరం పదేపదే లాగడం వల్ల ఎముక ఎదిగే చోట వాపు వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. గెంతులు, కబడ్డీ కొన్నాళ్లు మాన్పించారు. నొప్పి తగ్గాక స్టూల్‌తో, వట్టి చేతులతో మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు బ్యాగులో మూడు ప్యాకెట్లున్నాయి.

వచ్చే పాఠానికి ఒక గోడ, ఒక మంచం అంచు చాలు. దండీలు నేల మీదికి దించకముందు గోడ దగ్గర ఎలా మొదలుపెట్టాలో చూద్దాం. అప్పటిదాకా బ్యాగు బరువు, ఎన్నిసార్లు, ఎక్కడ ఆపారు అన్నవి తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. గుమ్మం మీది గీత పక్కన కూడా తేదీ వేయండి.