అనుమానం వచ్చిన ప్రాజెక్టు రిపోర్టు: వైవాలో ఏం అడగాలి, ఏం అడగకూడదు

ఈ మధ్య కావలి వైపు డిగ్రీ చదివే ఒక అమ్మాయి, రొయ్యల చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను ఆక్సిజన్ ఎక్కువుంటే ముదురు గోధుమ రంగు అవక్షేపం వచ్చే వింక్లర్ పద్ధతిలో కొలిచి ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టును సాఫ్ట్‌వేర్ ఆమె సొంతంగా రాసింది కాదేమోనని చూపింది. పిలిచిన అధ్యాపకుడు మొట్టమొదట "ఇది నువ్వే రాశావా?" అని అడిగారు. ఆమె కళ్ల నీళ్లు పెట్టుకొని మాట్లాడకుండా నిలబడిపోతే, ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా రాసుకున్నారు.

ఎంతోమంది పిల్లలను దెబ్బతీసింది ఈ ప్రశ్నే. అవునన్నా కాదన్నా దానివల్ల తెలిసేదేమీ లేదు. భయపడినవాడు తప్పు చేసినవాడిలాగే కనిపిస్తాడు.

రెండు రోజుల తర్వాత నేను ఆమెను కూర్చోబెట్టి, రిపోర్టు ఆమె చేతికే ఇచ్చి, తెలుగులోనే చెప్పమన్నాను. "సీసా నింపేటప్పుడు ఏదైనా పారబోయాల్సి వచ్చిందా అమ్మా?" అని అడిగాను. మూత కింద గాలి బుడగ మిగిలితే దానిలోని ఆక్సిజన్ కూడా కలిసి రీడింగు ఎక్కువ వస్తుందని, అందుకే రెండు సీసాలు పారబోసి మళ్లీ పట్టానని చెప్పింది. తెల్లవారుజామున 5 గంటల నమూనాలో అవక్షేపం రంగు ఎలా ఉందని అడిగితే, మధ్యాహ్నం నమూనాలోని గోధుమ రంగు కంటే బాగా పాలిపోయి ఉందని, రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటుంది గదా సార్ అని అంది. ఇంగ్లీషు వాక్యాలు ఎక్కడివో నాకు తెలియదు గాని, ప్రయోగం మాత్రం ఆమెదే.

అదే రోజు మరో విద్యార్థి నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్పాడు. అవక్షేపం తెల్లగానే ఉండిపోతే ఏమనుకోవాలని అడిగాను. ఆక్సిజన్ దాదాపు లేదనే మాట అతనికి తట్టలేదు. అయితే ఆ ఒక్కదానితో తేల్చకుండా, టైట్రేషన్‌లో పిండి ద్రావణం ఎప్పుడు కలిపావని కూడా అడిగాను. అయొడిన్ రంగు లేత పసుపుకు దిగాక కలపాలి. అతను మొదటే కలిపానన్నాడు, రిపోర్టులో మాత్రం సరిగ్గానే ఉంది. అతనికి ప్రయోగం అర్థం కాలేదని అప్పుడే రాసుకున్నాను.

కాబట్టి నిర్వచనం అడగకండి, బట్టీ పట్టినవారు అందులో నెగ్గుతారు. రిపోర్టులో లేనిదీ, చేసినవారికి తెలియక తప్పనిదీ అడగండి. ఒక షరతు మార్చి ఫలితం ఎటు పోతుందో చెప్పమనండి. జవాబు కోసం నిమిషం ఆగండి. అంకెలు గుర్తులేకపోతే తప్పు పట్టకండి, కాగితం చూసుకోనివ్వండి. ఇంగ్లీషు తడబాటును లెక్కలోకి తీసుకోకండి. సాఫ్ట్‌వేర్ చూపిన శాతాన్ని విద్యార్థి ముందు చదవకండి. ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోండి, ప్రశ్నా జవాబూ అక్కడికక్కడే రాయండి. పది నిమిషాల మాటలతో తెలిసేది అర్థమైందా లేదా అన్నదే గాని ఎవరు టైపు చేశారన్నది కాదు, ఆ రెండింటినీ ఒకే వాక్యంలో రాయకండి. మళ్లీ చెబుతున్నాను: "నువ్వే రాశావా?" అని మొదలుపెట్టకండి.