విరిగిన మయోనైజ్‌ను మళ్లీ చిక్కబరిచిన పద్ధతి

ఒక పచ్చసొన, సుమారు 200 మి.లీ. నూనెతో చేస్తున్న మయోనైజ్ సగంలో విరిగింది. ఉన్నట్టుండి పల్చబడి, పలుకులుగా మారి, అంచుల్లో నూనె తేలింది. ఇంకా గట్టిగా గిలక్కొట్టినా, ఫ్రిజ్‌లో పెట్టినా, మరికాస్త నూనె పోసినా లాభం లేదు.

పచ్చసొనలోని లెసిథిన్, ప్రొటీన్లు ప్రతి నూనె బొట్టు చుట్టూ పొరలా పట్టి, వాటిని ఒకదానికొకటి అంటకుండా ఆపుతాయి. నూనె వేగంగా పడితే అది చిన్న బొట్లుగా విడిపోయేలోపే పెద్ద బొట్లు కలిసిపోతాయి. అప్పుడు ఎంత కలిపినా నూనె విడిగానే ఉంటుంది.

పనిచేసింది ఇదీ. శుభ్రమైన గిన్నెలో, చల్లదనం పోయిన కొత్త పచ్చసొన ఒకటి, చెంచాడు నీళ్లు వేసి బాగా కలిపాను. విరిగిన మిశ్రమాన్ని నూనె పోసినట్టే, మొదట పావు చెంచా చొప్పున వేశాను. నూనె మెరుపు పూర్తిగా పోయాకే తర్వాతి పావు చెంచా. ఈ దశలో తొందరపడితే మళ్లీ విరుగుతుంది. విస్క్ గీతలు చెరగకుండా నిలిచేంత చిక్కబడ్డాక, మిగతాది సన్నటి ధారగా పోశాను. చివర్లో మరీ గట్టిపడితే ఇంకాస్త నీళ్లు చాలు.

చేత్తో గిలక్కొట్టినప్పటి సంగతే ఇది. బ్లెండర్‌లో విరిగినదానికీ ఇదే కుదరాలి కానీ నేను చేసి చూడలేదు. గుడ్డు లేని మయోనైజ్‌కు మాత్రం ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను.