పేరు మారిన విశ్వవిద్యాలయం నుంచి పాత ట్రాన్స్‌క్రిప్టులు తెప్పించుకోవడం ఎలా?

గుడివాడలోనో మచిలీపట్నంలోనో ఉన్న ఒక పాత డిగ్రీ కళాశాలను ఊహించుకోండి. 1972లో అక్కడ బీఏ పాసైన పెద్దాయనకు పట్టా ఇచ్చింది వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. 2001లో అదే కళాశాలలో బీఎస్సీ పూర్తి చేసిన ఆయన కూతురికి పట్టా ఇచ్చింది నాగార్జున విశ్వవిద్యాలయం. ఈ మధ్య అక్కడే చదువు ముగించిన మనవడి మెమోల మీద కృష్ణా విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది. భవనం మారలేదు, తరగతి గదులు కూడా చాలావరకు అవే. కానీ ముగ్గురి మార్కుల రిజిస్టర్లు మూడు వేర్వేరు ఊళ్లలో ఉన్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత ట్రాన్స్‌క్రిప్టుల కోసం బయలుదేరేవారు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. కళాశాల ఇప్పుడు ఏ విశ్వవిద్యాలయం కింద ఉందో చూసి దరఖాస్తు అక్కడికి పంపుతారు. నిజానికి చూడవలసింది మన పరీక్షలు ఎవరు పెట్టారన్నది.

పై ముగ్గురిలో కూతురి సంగతినే ఉదాహరణగా తీసుకుందాం. ఆమె 1998లో చేరి 2001లో పాసైంది. కెనడాకు వెళ్లే ప్రయత్నంలో చదువు మదింపు కోసం డబ్ల్యూఈఎస్ సంస్థకు ట్రాన్స్‌క్రిప్టులు పంపించవలసి వచ్చింది. ఆమె పట్టా మీద నాగార్జున విశ్వవిద్యాలయం అని ఉంది. 1976లో ఏర్పడిన ఆ సంస్థ 2004లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక జిల్లాలోని కళాశాలల అనుబంధం దానికి మారింది. అంటే ఆమె విషయంలో రెండు మార్పులు కలిసి జరిగాయి. పట్టా ఇచ్చిన సంస్థ పేరు మారింది, కళాశాల వేరే సంస్థ కిందికి వెళ్లింది. మొదటి మార్పు ఆమె దరఖాస్తుకు సంబంధించినది. రెండోదానితో ఆమెకు పని లేదు.

మొదటి పని: మెమోలన్నీ ముందు పరుచుకోవడం

పట్టా ఒక్కటి చూసి నిర్ణయానికి రాకండి. ప్రతి సంవత్సరం మార్కుల మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్, పట్టా వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని పైభాగంలో అచ్చయిన సంస్థ పేరును, పరీక్ష జరిగిన నెలను, సంవత్సరాన్ని, హాల్‌టికెట్ నంబరును ఒక కాగితం మీద రాసుకోండి. మన ఉదాహరణలోని అమ్మాయి కాలంలో డిగ్రీ పరీక్షలు సెమిస్టర్లుగా కాక ఏడాదికోసారి జరిగేవి కాబట్టి మూడు సంవత్సరాలకు మూడు మెమోలు ఉండాలి. రెండో ఏడాది ఫిజిక్స్ తప్పి సప్లిమెంటరీలో గట్టెక్కినట్లయితే దానికి విడిగా మరో మెమో ఉంటుంది. చాలామంది ఇంట్లో పోగొట్టుకునేది ఈ చిన్న కాగితాన్నే. తీరా ట్రాన్స్‌క్రిప్టు దరఖాస్తుతో పాటు అన్ని మెమోల నకళ్లూ జతచేయమన్నప్పుడు ఆ ఒక్కదాని కోసం పని ఆగిపోతుంది.

మెమోలన్నిటి మీదా ఒకే సంస్థ పేరు ఉంటే దరఖాస్తు ఆ సంస్థకు, పేరు మారి ఉంటే కొత్త పేరుతో నడుస్తున్న ఆ సంస్థకే వెళ్లాలి. మార్పు జరుగుతున్న ఏళ్లలో చదివినవారు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. మెమోల మీద రెండు సంస్థల పేర్లు కనిపిస్తే, దరఖాస్తుకు ముందే పట్టా ఇచ్చిన సంస్థ పరీక్షల విభాగానికి ఈమెయిల్ రాసి, మొత్తం కోర్సుకు ఒకే ట్రాన్స్‌క్రిప్టు ఇవ్వగలరా, లేక పాత సంవత్సరాలవి విడిగా తెప్పించుకోవాలా అని సూటిగా అడగండి. ఆ ఈమెయిల్‌కు మెమోల స్కాన్ ప్రతులు జతచేస్తే జవాబు ఇచ్చేవారికి వెతకవలసిన పని తగ్గుతుంది.

కాగితం పోయినట్లయితే ముందు దాని నకలు తెప్పించుకోవాలి. సాధారణంగా పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, వారిచ్చిన పత్రంతోనూ నోటరీ చేయించిన అఫిడవిట్‌తోనూ పరీక్షల విభాగానికి డూప్లికేట్ మెమో కోసం దరఖాస్తు చేయాలి. హాల్‌టికెట్ నంబరు కూడా గుర్తు లేకపోతే కళాశాలకు వెళ్లండి. అడ్మిషన్ రిజిస్టరు, ఆ ఏడాది విద్యార్థుల జాబితా ఉండేది అక్కడే. మార్కులు ధ్రువీకరించే అధికారం కళాశాలకు లేకపోయినా, ఈ నంబరు దొరికే చోటు మాత్రం అదే. డిజిలాకర్‌లో ఒకసారి వెతికి చూడటంలో తప్పు లేదు గానీ, ఇంత పాత బ్యాచ్‌ల మెమోలు అక్కడ ఉంటాయని ఆశపడి కూర్చోవద్దు. దొరికినా, సీల్డ్ కవరులో వెళ్లవలసిన ట్రాన్స్‌క్రిప్టుకు అది బదులు కాదు.

రెండో పని: అడుగుతున్నవారి షరతులు ముందే చదవడం

ట్రాన్స్‌క్రిప్టు అనే మాటకు ఒక్కో చోట ఒక్కో అర్థం ఉంది. కొందరు ఏళ్లవారీగా అన్ని సబ్జెక్టుల మార్కులు ఉన్న ఒకే పత్రం కావాలంటారు, కొందరికి విశ్వవిద్యాలయం ధ్రువీకరించిన మెమోల నకళ్లు చాలు. డబ్ల్యూఈఎస్ వంటి సంస్థలు దరఖాస్తుదారుకు ఒక రిఫరెన్స్ నంబరు ఇస్తాయి, విశ్వవిద్యాలయానికి అందజేయవలసిన అభ్యర్థన ఫారాన్నీ ఇస్తాయి. ఆ నంబరు కవరు మీద లేకపోతే, వేల కవర్ల మధ్య మీదేదో తేల్చుకోవడం వారికి కష్టమవుతుంది. కాబట్టి ముందు వారి దగ్గర ఖాతా తెరిచి నంబరు తీసుకున్నాకే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేయండి.

ఆ ఖాతాలో చదివిన సంస్థ పేరు ఎంచుకునే చోట మన అమ్మాయి ఆగిపోయింది. జాబితాలో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, ఆచార్య నాగార్జున ఉంది, వట్టి నాగార్జున లేదు. ఆమె ఎంచుకోవలసింది ఆచార్య నాగార్జున. పట్టా ఇచ్చిన సంస్థ ఇప్పటి పేరు అదే కాబట్టి. కళాశాల పేరు అడిగితే కళాశాల పేరు రాయవచ్చు గానీ, పట్టా ఇచ్చిన సంస్థగా దాన్ని రాయకూడదు.

మూడో పని: దరఖాస్తులో పేరు మార్పును రాతలో అడగడం

విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో పరీక్షల విభాగం పేజీలో ట్రాన్స్‌క్రిప్టు ఫారం, రుసుము వివరాలు చూసుకోండి. రుసుములు మారుతుంటాయి కాబట్టి ఎవరో చెప్పిన మొత్తాన్ని నమ్మి చలానా కట్టకుండా, ఆ రోజు పేజీలో ఉన్నదే కట్టండి. ఎన్ని సెట్లు కావాలో, విదేశానికి పంపే ఖర్చు వారే తీసుకుంటారో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

ఫారానికి తోడుగా కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ గారి పేర ఒక పేజీ లేఖ జతచేయడం నా దృష్టిలో ఈ పని మొత్తంలో అన్నిటికన్నా విలువైన అరగంట. అందులో మీ పూర్తి పేరు, హాల్‌టికెట్ నంబరు, కోర్సు, గ్రూపు, ప్రతి సంవత్సరం పరీక్ష జరిగిన నెల రాసి, చివర ఒక కోరిక స్పష్టంగా పెట్టండి: పట్టా జారీ అయినప్పుడు ఈ విశ్వవిద్యాలయం నాగార్జున విశ్వవిద్యాలయం అనే పేరుతో ఉండేదని, తర్వాత ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంగా పేరు మారిందని, రెండూ ఒకే సంస్థ అని లెటర్‌హెడ్ మీద ఒక ధ్రువీకరణ రాసి ట్రాన్స్‌క్రిప్టుతో పాటు అదే కవరులో పెట్టవలసిందని. ఈ కాగితం లేకపోతే, అవతల చూసే అధికారికి పట్టా మీద ఒక పేరు, కవరు ముద్ర మీద మరో పేరు కనిపిస్తాయి. అతనికి మన రాష్ట్ర చరిత్ర తెలిసి ఉండాలని ఆశించలేం.

పేర్లు ఒక్కసారితో ఆగని సంస్థలకు ఈ ధ్రువీకరణ మరీ అవసరం. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయంగా మొదలై, 1998లో ఎన్టీఆర్ పేరుతో, 2022లో వైఎస్సార్ పేరుతో, 2024లో తిరిగి ఎన్టీఆర్ పేరుతో నడిచింది. 1995లో ఎంబీబీఎస్ చేసిన వైద్యుడి పట్టా మీద ఉన్న పేరుకూ, నేటి ట్రాన్స్‌క్రిప్టు మీది పేరుకూ మధ్య గడిచిన మార్పులన్నీ ఆ ఒక్క కాగితంలో తేదీలతో సహా ఉండాలి. వరంగల్ ఆర్ఈసీలో చదివినవారి సంగతి వేరు. కళాశాల 2002లో ఎన్ఐటీ అయినా, 1990లలో పాసైనవారి పట్టా ఇచ్చింది కాకతీయ విశ్వవిద్యాలయం. అక్కడ అడగవలసినది సంస్థ పేరు మార్పు గురించి కాదు, పట్టా ఎవరు ఇచ్చారన్న దాని గురించే.

సంస్థ పేరుతో పాటు మన పేరు కూడా ఒకసారి చూసుకోవాలి. మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో అది పూర్తిగా విడివడి ఇంటిపేరు గడిలో ఉంటుంది, పెళ్లయ్యాక కొందరికి ఆ ఇంటిపేరు కూడా మారిపోతుంది. ట్రాన్స్‌క్రిప్టును పాస్‌పోర్టులోని పేరుతో ఇవ్వమని అడగకండి. రిజిస్టరులో ఉన్న పేరుతోనే అది రావాలి. తేడా గురించి అఫిడవిట్‌ను, పెళ్లి వల్ల మారితే వివాహ ధ్రువపత్రాన్ని, మదింపు సంస్థకు మీరే సమర్పించండి.

నాలుగో పని: మనిషిని పంపడం, కవరును కాపాడటం

విదేశంలో ఉన్నవారి తరఫున ఊళ్లో ఉన్న తమ్ముడో పినతండ్రో వెళ్లవలసి వస్తుంది. వారి పేరు, మీతో బంధుత్వం, వారి ఆధార్ వివరం రాసి, మీరు సంతకం చేసిన అధికారపత్రం, మీ పాస్‌పోర్టు నకలు వారి చేతికి ఇవ్వండి. వెళ్లేవారికి అసలు మెమోలు కాక నకళ్లే ఇస్తే నయం. అసలువి చూపమంటే తప్ప బయటికి తీయనవసరం లేదు. చలానా రసీదు ఫోటో తీసి దాచమని చెప్పండి, ఆ తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా మొదట అడిగేది ఆ నంబరే.

సీల్ వేయకముందే ట్రాన్స్‌క్రిప్టును ఒకసారి చూడనిస్తే, ఒక్కో సబ్జెక్టు మార్కును మీ మెమోతో సరిపోల్చాలి. సప్లిమెంటరీలో పాసైన సబ్జెక్టు దగ్గర పాత తప్పిన మార్కు పడలేదని, పాసైన సంవత్సరం సరిగా ఉందని ప్రత్యేకంగా చూడండి. ఆ తర్వాత కవరు అతికిన మడత మీద అధికారి సంతకం, ముద్ర పడ్డాయో లేదో, కవరు మీద రిఫరెన్స్ నంబరు రాశారో లేదో గమనించాలి. కవరు విశ్వవిద్యాలయమే నేరుగా పంపాలని షరతు ఉంటే దాన్ని చేతికి తీసుకోకండి, కొరియర్ ట్రాకింగ్ నంబరు మాత్రం అడిగి తెచ్చుకోండి. చేతికి ఇచ్చినా ఫర్వాలేదనే చోట, లోపల ఏముందోనన్న కుతూహలంతో ఇంట్లో ఎవరూ దాన్ని చించకుండా మరో పెద్ద కవరులో పెట్టి పంపాలి. చించిన కవరును తిరిగి అతికించినా అది మామూలు నకళ్ల కట్టగానే లెక్కకొస్తుంది, పని మళ్లీ చలానా దగ్గర నుంచి మొదలవుతుంది.