రిక్రూటర్ మారిన తర్వాత నా దరఖాస్తు ఏమైందో ఇలా తెలుసుకున్నాను

పర్లాకిమిడి నుంచి హైదరాబాదులోని ఒక కంపెనీకి రెండో ఇంటర్వ్యూ ఇచ్చాక, రిక్రూటరుకు పంపిన మెయిల్ తిరిగివచ్చింది. ఆవిడ వేరే కంపెనీకి మారినట్టు లింక్డిన్‌లో కనబడింది. పోర్టల్‌లో మాత్రం "Under Review" అనే ఉంది. ఎవరూ ముట్టుకోని దరఖాస్తుకైనా ఆ మాట అలాగే నిలిచి ఉండవచ్చు కనుక దాన్ని ఆధారంగా తీసుకోలేదు.

ఇంటర్వ్యూ క్యాలెండర్ ఆహ్వానంలో ఉన్న మేనేజరు గారి చిరునామాకు, కంపెనీ హెచ్‌ఆర్ చిరునామాను కూడా చేర్చి, జాబ్ ఐడీ, ఇంటర్వ్యూ తేదీలు తెలిపి, "ఈ ఖాళీ ఇంకా ఉందాండీ? నా దరఖాస్తును ఇప్పుడు ఎవరు చూస్తున్నారు?" అని మాత్రమే అడిగాను. జాబ్ ఐడీ తప్పనిసరిగా ఇవ్వాలి. పేరుతో వెతికితే మన పాత దరఖాస్తులు కూడా ఎదురవుతాయి.

వెళ్ళిపోయిన ఆవిడను ఫలితం అడగడం భావ్యం కాదనిపించింది, ఆ రికార్డులు ఇక ఆవిడ చేతిలో ఉండవు. మేనేజరు గారు కొత్త రిక్రూటరుకు నా మెయిల్ పంపించగా, ఆ కొత్త రిక్రూటరు నా ఇంటర్వ్యూలపై రాసిన అభిప్రాయాలు భద్రంగా ఉన్నాయని చెప్పి తుది రౌండుకు తేదీ ఇచ్చారు.